ఆదాయపు పన్ను రీఫండు: ఆలస్యమైతే ఆచూకీ తీయడం, పై మెట్టుకు వెళ్లడం

ఆదాయపు పన్ను రీఫండు అంటే, చెల్లించాల్సిన దానికంటే ఎక్కువగా ప్రభుత్వానికి చేరిన పన్నును తిరిగి ఇవ్వడం. జీతంలోంచి, డిపాజిట్ల వడ్డీలోంచి మూలంలోనే కోత పడిన పన్ను (టీడీఎస్) అసలు పన్నును మించినప్పుడు ఇది ఏర్పడుతుంది. రిటర్నులో ఆ మొత్తాన్ని కోరితే, బెంగళూరులోని సెంట్రలైజ్డ్ ప్రాసెసింగ్ సెంటర్ (సీపీసీ) లెక్క సరిచూస్తుంది. ఆ తర్వాత స్టేట్ బ్యాంకు ద్వారా సొమ్ము ఖాతాలో జమవుతుంది. 2019 మార్చి నుంచి ఈ చెల్లింపు పూర్తిగా ఎలక్ట్రానిక్ పద్ధతిలోనే జరుగుతోంది. చెక్కు ఇంటికి వచ్చే రోజులు పోయాయి.

రీఫండు రాలేదు అనే ఒక్క మాట వెనక అయిదారు వేర్వేరు పరిస్థితులు ఉంటాయి. రిటర్ను పరిశీలనకే రాకపోవచ్చు, పరిశీలన పూర్తయి మొత్తం తగ్గిపోవచ్చు, పాత బకాయి కింద జమ అయిపోవచ్చు, బ్యాంకు దాకా వెళ్లి వెనక్కి వచ్చి ఉండవచ్చు. ఒక్కో దానికి బాధ్యులు వేరు, చేయాల్సిన పని వేరు. కాగితం ఎవరి దగ్గర ఆగిందో తేలకముందే రాసే ఫిర్యాదుకు సాధారణంగా వచ్చేది ముద్రవేసినట్టుండే ఒకే జవాబు: మీ రిటర్ను ప్రక్రియలో ఉంది, వేచి ఉండండి.

ఎంత కాలాన్ని ఆలస్యం అనాలి

రిటర్ను వెరిఫై అయ్యాక ప్రాసెసింగ్‌కు సగటున పట్టే సమయం 2019-20 అసెస్‌మెంటు సంవత్సరంలో 82 రోజులుండగా, 2023-24 నాటికి 10 రోజులకు తగ్గిందని కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు ప్రకటించింది. పక్క సీటు ఉద్యోగికి వారంలో డబ్బు పడితే, మూడు నెలలు గడిచినవారికి గుబులు పుట్టడం సహజమే. కానీ చట్టం ఇచ్చిన గడువు దీనికంటే చాలా పెద్దది. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం 143(1) సెక్షను ప్రకారం, రిటర్ను దాఖలైన ఆర్థిక సంవత్సరం ముగిశాక తొమ్మిది నెలల లోపు సీపీసీ తన లెక్కను తెలియజేస్తే చాలు. 2025 జులైలో వేసిన రిటర్నుకు ఆ ఆర్థిక సంవత్సరం 2026 మార్చి 31న ముగుస్తుంది. అంటే 2026 డిసెంబరు 31 దాకా శాఖకు గడువుంది. ఈ తేదీ తెలియకుండా, అయిదో నెలలోనే చట్టం ఉల్లంఘించారని రాసే లేఖ మొదటి వాక్యంలోనే బలం కోల్పోతుంది. ఆ గడువు కూడా దాటిపోయిన రీఫండు రిటర్నుల విషయంలో బోర్డు 119 సెక్షను కింద సడలింపు ఉత్తర్వులు ఇచ్చిన సందర్భాలూ ఉన్నాయి.

2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చినా, అంతకు ముందు సంవత్సరాల ఆదాయానికి సంబంధించిన రిటర్నులకు పాత చట్టమే వర్తిస్తుంది. కాబట్టి ఇక్కడి సెక్షను నంబర్లు పాత చట్టానివే.

ఆచూకీ ఎక్కడ చూడాలి

incometax.gov.in పోర్టల్‌లో పాన్ నంబరుతో లాగిన్ అయ్యాక, `e-File` కింద `Income Tax Returns`, అందులో `View Filed Returns` తెరిస్తే ఒక్కో సంవత్సరపు రిటర్ను ప్రయాణం తేదీలతో సహా కనిపిస్తుంది. దాఖలు, వెరిఫికేషన్, ప్రాసెసింగ్, రీఫండు అనే వరుసలో ఏ మెట్టు దగ్గర ఆగిందన్నదే చూడాల్సిన సంగతి.

వెరిఫికేషన్ దగ్గరే ఆగిన రిటర్నులు తక్కువేమీ కావు. రిటర్ను అప్‌లోడ్ చేసిన 30 రోజుల లోపు ఆధార్ ఓటీపీతోనో, బ్యాంకు ఖాతా ద్వారానో, సంతకం చేసిన ఐటీఆర్-వి కాగితాన్ని బెంగళూరుకు పోస్టులో పంపో ధ్రువీకరించాలి. అది జరగకపోతే చట్టం దృష్టిలో రిటర్ను దాఖలైనట్టే కాదు, సీపీసీ దాన్ని ముట్టుకోదు. ఏజెంటు చేత రిటర్ను వేయించుకుని, చేతికొచ్చిన కాగితాన్ని రసీదు అనుకుని దాచుకునేవారికి ఈ ఇబ్బంది ఎక్కువగా ఎదురవుతుంది. ఆలస్యంగా వెరిఫై చేస్తే ఆ తేదీనే దాఖలు తేదీగా లెక్కిస్తారు. సరైన కారణం ఉంటే `Services` కింద `Condonation Request` ద్వారా మన్నింపు కోరవచ్చు.

వెరిఫై అయినా ప్రాసెసింగ్ మొదలుకాకపోతే `Pending Actions` విభాగం చూడాలి. చాలామంది తెరవని పేజీ ఇదే. రిటర్నులో లోపం ఉందని 139(9) కింద వచ్చిన నోటీసుకు 15 రోజుల్లో, లెక్కలో మార్పు ప్రతిపాదిస్తూ 143(1)(a) కింద వచ్చిన సమాచారానికి 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇవి ఈమెయిల్‌కు వస్తాయి, ఆ ఈమెయిల్ చాలాసార్లు రిటర్ను వేసిపెట్టిన ఏజెంటుది. శాఖ నెలల తరబడి పలకడం లేదని పన్నుదారు అనుకుంటుంటే, శాఖేమో పన్నుదారు పలకడం లేదని ఎదురుచూస్తూ ఉంటుంది.

ఇంకో అడ్డంకి పాన్ నంబరుది. ఆధార్‌తో అనుసంధానం కాక పాన్ పనిచేయని స్థితిలోకి వెళ్తే రీఫండు ఇవ్వరు, ఆ కాలానికి వడ్డీ కూడా రాదు. 2023 జులై 1 నుంచి అమల్లో ఉన్న ఈ నిబంధన అమెరికాలోనో, గల్ఫ్‌లోనో ఉంటున్న తెలుగువారిలో కొందరిని అనుకోకుండా తాకింది. ప్రవాసులకు అనుసంధానం తప్పనిసరి కాకపోయినా, శాఖ రికార్డుల్లో వారి హోదా ఇంకా నివాసిగానే ఉండిపోతే పాన్ ఆగిపోతుంది. హోదా మార్చమని తమ పరిధిలోని అసెసింగ్ అధికారికి ఆధారాలతో తెలియజేయడమే దీనికి మార్గం.

ప్రాసెస్ అయ్యాక తగ్గిన రీఫండు

ప్రాసెసింగ్ పూర్తయితే 143(1) ఇంటిమేషన్ పీడీఎఫ్ రూపంలో వస్తుంది. దాని పాస్‌వర్డు చిన్న అక్షరాల్లో పాన్ నంబరు, వెంటనే పుట్టిన తేదీ ఎనిమిది అంకెల్లో. అందులో ప్రతి అంశానికీ రెండు నిలువు వరుసలు ఉంటాయి: పన్నుదారు చూపిన అంకె ఒకవైపు, సీపీసీ లెక్కగట్టిన అంకె ఇంకోవైపు. రెండూ ఎక్కడ విడిపోయాయో ఆ వరుసలోనే సమస్య ఉంది. మిగతా పేజీలు చదవకపోయినా నష్టం లేదు.

తేడా టీడీఎస్ వరుసలో ఉంటే ఫారం 26ఏఎస్ తీసి చూడాలి. కోసిన పన్నును యజమానో బ్యాంకో జమచేసినా, త్రైమాసిక వివరాల్లో పాన్ తప్పుగా రాస్తే అది ఇంకొకరి ఖాతాలో కనిపిస్తుంది. దీన్ని సీపీసీ దిద్దలేదు. పన్ను కోసినవారే సవరించిన టీడీఎస్ వివరాలు దాఖలు చేయాలి. 26ఏఎస్‌లో ఆ సొమ్ము కనిపించాక `Services` కింద `Rectification` ద్వారా రిటర్నును తిరిగి లెక్కించమని కోరాలి. కోసిన పన్నును యజమాని అసలు కట్టనే లేదనుకుందాం. అప్పుడు కూడా ఆ మేరకు పన్నును ఉద్యోగి నుంచి మళ్లీ వసూలు చేయకూడదని 205 సెక్షను చెబుతుంది. బకాయి రాకుండా ఇది కాపాడుతుంది గానీ, దీని ఆధారంగా రీఫండు రాబట్టుకోవడం అంత తేలిక కాదు.

మరో కారణం పాత డిమాండు. ఏ సంవత్సరానికో సంబంధించిన బకాయి రికార్డుల్లో ఉంటే 245 సెక్షను కింద రీఫండును దానికి సర్దుబాటు చేయవచ్చు. అయితే ముందుగా తెలియజేయాలి, జవాబుకు అవకాశమివ్వాలి. 2010కి ముందు కాగితాల మీద నడిచిన లెక్కలను కంప్యూటర్‌కు ఎక్కించినప్పుడు, ఎప్పుడో తీరిపోయిన బకాయిలు కూడా చాలామంది పేర్ల మీద నిలిచిపోయాయి. సర్దుబాటుకు ముందు పన్నుదారు మాట వినాల్సిందేనని 2013 మార్చిలో ఢిల్లీ హైకోర్టు, ఈ అంశాన్ని స్వయంగా విచారణకు స్వీకరించి ఇచ్చిన తీర్పులో గట్టిగా చెప్పింది. 2024 మధ్యంతర బడ్జెట్‌లో 2009-10 వరకు ఉన్న రూ.25,000 లోపు డిమాండ్లను, 2010-11 నుంచి 2014-15 వరకు ఉన్న రూ.10,000 లోపు డిమాండ్లను మాఫీ చేయడానికి నేపథ్యం కూడా ఇదే.

245 సమాచారం వస్తే `Pending Actions` కింద `Response to Outstanding Demand` లోకి వెళ్లి, డిమాండును ఒప్పుకుంటున్నదీ లేనిదీ చెప్పి, కట్టిన చలానా వివరాలో అప్పీలు ఉత్తర్వో జతచేయాలి. సమాచారంలో ఇచ్చిన గడువులోగా జవాబు వెళ్లకపోతే ఒప్పుకున్నట్టే భావించి సర్దేస్తారు. ఒప్పుకోని డిమాండును పరిశీలించి తీసేయాల్సింది అసెసింగ్ అధికారి, సీపీసీ కాదు. రీఫండు ఫిర్యాదులు దారితప్పేది ఎక్కువగా ఈ మలుపులోనే: బెంగళూరుకు ఎన్ని లేఖలు రాసినా, పాత బకాయి ఫైలు ఉన్నది గుంటూరులోనో వరంగల్‌లోనో స్థానిక వార్డు కార్యాలయంలో.

బ్యాంకు దగ్గర తిరుగుముఖం పట్టిన రీఫండు

రీఫండు మంజూరైనా ఖాతాలో పడకపోవడానికి ప్రధాన కారణం ఖాతా ధ్రువీకరణ. పోర్టల్ ప్రొఫైల్‌లోని `My Bank Account` పేజీలో ఆ ఖాతా `Validated` అని ఉండాలి. పాన్‌తో జతపడి ఉండాలి, పేరు కలవాలి. తెలుగువారికి ఇక్కడ ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. బ్యాంకు పాస్‌బుక్కులో ఇంటిపేరు పొడి అక్షరానికి కుదించి ఉంటుంది, పాన్ కార్డులో పూర్తిగా విడమరిచి ఉంటుంది. పెళ్లయ్యాక ఒకచోట ఇంటిపేరు మారి ఇంకోచోట మారని ఆడవాళ్ల ఖాతాలదీ అదే కథ. బ్యాంకుకు పాన్ నకలు ఇచ్చి కేవైసీలో పేరు సరిచేయించుకోవడం తప్ప దీనికి దగ్గరదారి లేదు.

బ్యాంకుల విలీనం రెండో చిక్కు. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసింది. 2025 మే 1న ఆంధ్రప్రదేశ్‌లోని నాలుగు గ్రామీణ బ్యాంకులు ఒక్కటై ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకుగా మారింది. విలీనం తర్వాత ఐఎఫ్ఎస్‌సీ కోడు మారుతుంది. పోర్టల్‌లో పాత కోడే మిగిలిపోతే చెల్లింపు విఫలమవుతుంది.

ఒక ఉదాహరణ తీసుకుంటే వరుస స్పష్టమవుతుంది. ప్రకాశం జిల్లాలో ఒక ఉపాధ్యాయురాలు ఇంటి రుణం వడ్డీ కాగితాలు సకాలంలో ఇవ్వలేకపోవడంతో 2024-25లో ఆమె జీతంలో రూ.98,500 పన్ను కోశారనుకుందాం. లెక్క ప్రకారం కట్టాల్సింది రూ.62,000. గడువులోగా 2025 జులై 28న రూ.36,500 రీఫండు కోరుతూ రిటర్ను వేసి, అదే రోజు ఆధార్ ఓటీపీతో వెరిఫై చేశారు. నవంబరు 12న సీపీసీ అంతా సరేనని రీఫండు మంజూరు చేసింది. 244ఎ సెక్షను ప్రకారం వడ్డీ నెలకు అర శాతం, అసెస్‌మెంటు సంవత్సరం మొదటి రోజైన ఏప్రిల్ 1 నుంచి లెక్క, నెలలో కొంత భాగమైనా పూర్తి నెలే. ఏప్రిల్ నుంచి నవంబరు దాకా ఎనిమిది నెలలకు నాలుగు శాతం, అంటే రూ.1,460. మొత్తం రూ.37,960 రావాలి.

డిసెంబరు గడిచినా ఖాతాలో ఏమీ పడలేదు. పోర్టల్‌లో చూస్తే రీఫండు విఫలమైందని ఉంది: ఆమె ఖాతా ఉన్న గ్రామీణ బ్యాంకు విలీనమై ఐఎఫ్ఎస్‌సీ కోడు మారింది. అప్పుడామె చేయాల్సిన పని ఫిర్యాదు కాదు. ముందు కొత్త కోడుతో ఖాతాను మళ్లీ ధ్రువీకరించుకోవాలి. తర్వాత `Services` కింద `Refund Reissue` తెరిచి, ఆ సంవత్సరపు రికార్డును, ఖాతాను ఎంచుకుని, ఆధార్ ఓటీపీతో అభ్యర్థన పంపాలి. ఈ అభ్యర్థన పంపకపోతే సొమ్ము దానంతటదే మళ్లీ బయలుదేరదు. నవంబరు తర్వాతి కాలానికి అదనపు వడ్డీ మీద ఆశ పెట్టుకోకపోవడమే మంచిది, ఎందుకంటే పన్నుదారు కారణంగా జరిగిన జాప్యాన్ని చట్టం వడ్డీ లెక్కలోంచి తీసేస్తుంది. రీఇష్యూ పంపి ఏడెనిమిది వారాలు గడిచినా కదలిక లేకపోతే ఫిర్యాదుకు వేళైనట్టు.

ఫిర్యాదు రాసే తీరు, పై మెట్లు

మొదటి మెట్టు పోర్టల్‌లోని `Grievances`. అక్కడ విభాగాన్ని ఎంచుకోవాల్సి ఉంటుంది. ప్రాసెసింగ్, రీఫండు సంగతులైతే `CPC-ITR`, పాత డిమాండు సంగతైతే అసెసింగ్ అధికారి. విభాగం తప్పితే ఫిర్యాదు చేతులు మారుతూ వారాలు తినేస్తుంది. హెల్ప్‌లైన్ 1800 103 0025 స్థితి తెలుసుకోవడానికి పనికొస్తుంది, కానీ రాతపూర్వక రికార్డుకు అది ప్రత్యామ్నాయం కాదు.

ఫిర్యాదులో ఉండాల్సింది తేదీలు, నంబర్లు, ఒక్క ప్రశ్న. పై ఉపాధ్యాయురాలి ఫిర్యాదు ఇలా ఉండవచ్చు:

"అయ్యా, 2025-26 అసెస్‌మెంటు సంవత్సరపు నా రిటర్ను (అక్నాలెడ్జ్‌మెంటు నంబరు పైన ఇచ్చాను) 28-07-2025న దాఖలై అదే రోజు వెరిఫై అయింది. 12-11-2025 నాటి ఇంటిమేషన్‌లో రూ.37,960 రీఫండు నిర్ణయించారు. బ్యాంకు కోడు మారడం వల్ల చెల్లింపు విఫలమైంది. ఖాతాను మళ్లీ ధ్రువీకరించి 20-12-2025న రీఇష్యూ అభ్యర్థన పంపాను. నేటి వరకు సొమ్ము జమ కాలేదు. నా పేరు మీద బకాయి డిమాండు గాని, జవాబివ్వాల్సిన నోటీసు గాని పోర్టల్‌లో లేవు. రీఇష్యూ ఏ దశలో ఉందో, నా వైపు నుంచి ఇంకేమైనా కావాలో దయచేసి తెలియజేయగలరు. ఇంటిమేషన్, ఖాతా ధ్రువీకరణ పేజీల నకళ్లు జతచేశాను."

ఇందులో బలమంతా చివరి ప్రశ్నలోనే ఉంది. రీఫండు ఎందుకు ఇవ్వడం లేదని అడిగితే ప్రక్రియలో ఉందని చెప్పి ముగించవచ్చు. ఏ దశలో ఉంది, ఇంకేం కావాలి అంటే ఫైలు తెరిచి చూడక తప్పదు. తన వైపు నోటీసులేవీ లేవని ముందే చెప్పడం వల్ల జవాబిచ్చేవారికి తప్పుకునే తేలిక దారి దొరకదు. మాటల్లో కోపం ఉన్నా లేకపోయినా గుమస్తా చూసేది అంకెలే. ఇక ఒకే విషయం మీద వారానికో కొత్త ఫిర్యాదు పెట్టడం చేటు చేస్తుంది: పాతదాన్ని కొత్తదానికి జతచేసి రెండూ కలిపి మూసేసే వీలుంటుంది. రెండోసారి రాసేటప్పుడు మొదటి ఫిర్యాదు నంబరు, దానికొచ్చిన జవాబు, ఆ జవాబులో తేలని అంశం రాస్తే చాలు.

స్థానిక డిమాండు చిక్కయితే ఆదాయపు పన్ను కార్యాలయాల్లోని ఆయకర్ సేవా కేంద్రంలో కాగితం ఇచ్చి నంబరుతో రసీదు తీసుకోవచ్చు. తమ అసెసింగ్ అధికారి ఎవరన్నది పోర్టల్ ప్రొఫైల్‌లోని పరిధి వివరాల్లో ఉంటుంది. హైదరాబాద్‌లో బషీర్‌బాగ్ ఆయకర్ భవన్‌కూ ఏసీ గార్డ్స్ ఐటీ టవర్స్‌కూ మధ్య తిరగకుండా అది ముందే చూసుకుని వెళ్లడం మేలు.

శాఖలోపలి ఫిర్యాదు తేలకుండా మూతపడితే తర్వాతి మెట్టు కేంద్ర ప్రభుత్వపు సీపీగ్రామ్స్, pgportal.gov.in. అక్కడ ప్రత్యక్ష పన్నుల బోర్డును ఎంచుకోవాలి. 2024 ఆగస్టు మార్గదర్శకాల ప్రకారం ఫిర్యాదును 21 రోజుల్లో పరిష్కరించాలి. జవాబు తృప్తికరంగా లేకపోతే 30 రోజుల్లోగా అక్కడే పై అధికారికి అప్పీలు చేసుకోవచ్చు. ఆ అవకాశాన్ని వాడుకోకుండా మళ్లీ కొత్త ఫిర్యాదు వేసేవారే ఎక్కువ. ఆదాయపు పన్ను అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లమనే పాత సలహా ఇంకా కొన్నిచోట్ల వినిపిస్తుంది గానీ, ఆ వ్యవస్థను 2019లోనే రద్దు చేశారు.

సమాచార హక్కు చట్టం కింద రూ.10 రుసుముతో rtionline.gov.in లో చేసే దరఖాస్తు రీఫండు తెప్పించదు, సమాచారం మాత్రమే తెస్తుంది. డిమాండు ఏ ఉత్తర్వు ఆధారంగా ఏర్పడింది, సర్దుబాటుకు ముందు సమాచారం ఏ తేదీన పంపారు వంటి ప్రశ్నలకు అది బాగా పనిచేస్తుంది, 30 రోజుల్లో జవాబివ్వాలి. అసెస్‌మెంటు పెండింగులో ఉన్నప్పుడు ఉన్నతాధికారి అనుమతితో రీఫండును ఆపిపెట్టే అధికారం 245(2) కింద శాఖకు ఉంది కాబట్టి, అలాంటి ఉత్తర్వేదైనా ఉందా అన్నదీ ఇలాగే అడగవచ్చు. ఉత్తర్వూ లేక, చట్టం గడువూ దాటి, ఫిర్యాదులన్నీ నిష్ఫలమైనప్పుడు 226వ అధికరణం కింద హైకోర్టులో రిట్ దాఖలు చేయడం ఆఖరి దారి. పై మెట్లన్నిటి నంబర్లూ జవాబులూ ఒకచోట ఉంటేనే ఆ పిటిషన్ నిలబడుతుంది. చిన్న మొత్తాలకు మాత్రం లాయరు ఖర్చే రీఫండును మించిపోతుంది.

ఈ ఎదురుచూపును సొమ్ము చేసుకునే మోసగాళ్లు రీఫండు సిద్ధమైందంటూ లింకులతో మెసేజీలు పంపుతుంటారు. కార్డు పిన్, పాస్‌వర్డు వంటి వివరాలను శాఖ ఈమెయిల్‌లో గాని ఫోన్‌లో గాని అడగదు.

సొమ్ము జమయ్యాక వడ్డీ లెక్కను ఇంటిమేషన్‌తో సరిచూసుకోవాలి. రీఫండు నిర్ణయించిన పన్నులో పది శాతం కంటే తక్కువైతే వడ్డీ ఉండదు. రిటర్ను గడువు దాటాక వేస్తే వడ్డీ దాఖలు తేదీ నుంచే లెక్క. తిరిగి వచ్చిన అసలు పన్ను ఆదాయం కాదు, దాని మీద వచ్చిన వడ్డీ మాత్రం ఇతర ఆదాయమే. అది వార్షిక సమాచార పత్రం ఏఐఎస్‌లో కనిపిస్తుంది. వచ్చిన సంవత్సరపు రిటర్నులో చూపకపోతే, ఆ చిన్న తేడాయే తర్వాతి రీఫండును ఆపగలదు.